బరువు మించిన వైట్ డ్వార్ఫ్‌కి ఏమవుతుంది? ఆ 1.44 గీత వెనక ఉన్న లెక్క

ఆ మధ్య మా బాబాయ్ వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ పంపాడు. "80 ఏళ్లకోసారి పేలే నక్షత్రం మళ్లీ పేలబోతోంది, రాత్రిపూట ఆకాశం చూడండి" అని. దాని కింద ఆయన సొంత ప్రశ్న: "ఒకసారి పేలిపోయాక మళ్లీ పేలడానికి ఏం మిగులుతుందిరా?"

మంచి ప్రశ్న. ఆ నక్షత్రం పేరు టి కరోనా బోరియాలిస్. 1866లో ఒకసారి, 1946లో ఇంకోసారి ఉన్నట్టుండి వెలిగింది కాబట్టి మళ్లీ వంతు వచ్చిందని అందరూ కాచుకుని కూర్చున్నారు. అక్కడున్నది వైట్ డ్వార్ఫ్. ఇంకోపక్క ఏ సైన్స్ వ్యాసం తెరిచినా "వైట్ డ్వార్ఫ్ బరువు సూర్యుడికి 1.44 రెట్లు దాటితే పేలి తునాతునకలైపోతుంది" అని ఉంటుంది. ఒకచోట పేలినా బతికే ఉంటుంది, ఇంకోచోట పేలితే ఏమీ మిగలదు. బాబాయ్ తికమక పడ్డాడంటే ఆయన తప్పేం లేదు.

పైగా ఆ రెండో వాక్యం కూడా సగమే నిజం. కార్బన్‌తో నిండిన వైట్ డ్వార్ఫ్ గీత దాటాక పేలదు, గీతకి కాస్త ఇవతలే పేలుతుంది. నిజంగా గీత దాటినవి చాలావరకు ముందు పేలవు, లోపలికి కూలిపోతాయి. ఈ తేడా ఎందుకో తెలియాలంటే అసలు ఆ గీత ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

## ముందు, వైట్ డ్వార్ఫ్ అంటే ఏంటి

మన పాఠ్యపుస్తకాల్లో శ్వేత కుబ్జం అంటారు. సూర్యుడిలాంటి నక్షత్రం లోపల హైడ్రోజన్ కలిసి హీలియం అవుతుంది, ఆ తర్వాత హీలియం కలిసి కార్బన్, ఆక్సిజన్ అవుతాయి. ఆపైన కార్బన్‌ని మండించేంత వేడి ఆ సైజు నక్షత్రానికి అందదు. పై పొరలన్నీ ఊడి అంతరిక్షంలోకి పోతాయి, మధ్యలో కార్బన్, ఆక్సిజన్ ముద్ద ఒకటి మిగులుతుంది. పొయ్యి ఆరిపోయినా ఇంకా ఎర్రగా ఉన్న నిప్పు కణిక లాంటిదది. కొత్తగా ఏమీ మండదు, ఉన్న వేడిని కోట్ల సంవత్సరాల పాటు మెల్లగా వదులుతూ ఉంటుంది.

మనకి బాగా దగ్గర్లో ఉన్నది సిరియస్ బి. చలికాలం రాత్రుల్లో వరసగా కనిపించే మూడు చుక్కల గీతని కిందికి పొడిగిస్తే తగిలే తళతళలాడే చుక్క సిరియస్. దాని పక్కన తిరిగే తోడు ఇది, మామూలు కంటికి కనిపించదు. 1862లో ఆల్వన్ గ్రాహం క్లార్క్ కొత్త టెలిస్కోపు పరీక్షిస్తుంటే కంటబడింది. బరువు దాదాపు సూర్యుడంత. సైజు మాత్రం భూమి కంటే కొంచెం తక్కువే, వ్యాసార్ధం 5,850 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. అంత బరువు ఇంత చోటులో అంటే సగటున ఒక ఘనపు సెంటీమీటరు రెండున్నర టన్నుల దాకా తూగుతుంది. ఒక టీ స్పూన్ నిండా తీస్తే పన్నెండు టన్నులు, అంటే లోడు నిండిన లారీ ఒకటి.

ఇక్కడే అసలు చిక్కు. సూర్యుడు తన బరువుకి తాను కుంగిపోకుండా ఉండేది లోపలి వేడి వల్ల. వేడి వాయువు బయటికి తోస్తుంది, గురుత్వాకర్షణ లోపలికి లాగుతుంది, రెండూ సరిపోతాయి. వైట్ డ్వార్ఫ్‌లో పొయ్యి ఆరిపోయింది. ఇది చల్లారుతూ పోతే ఇంకా ఇంకా కుంగిపోవాలి కదా? పోదు. చల్లారినా అదే సైజులో నిలబడుతుంది. మరి దాన్ని మోసేది ఏది?

## వేడితో పనిలేని ఒత్తిడి

దీన్ని హాస్టల్‌తో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. అమీర్‌పేటలో ఒక హాస్టల్ అనుకోండి, గదికి ఇద్దరే, మూడో మనిషిని ఎట్టి పరిస్థితిలోనూ పెట్టరు, లిఫ్టు లేదు. అందరికీ కింది అంతస్తే కావాలి. కింద నిండిపోయాక వచ్చినవాడు పైకెక్కాల్సిందే, ఆ తర్వాత వచ్చినవాడు ఇంకా పైకి. పై అంతస్తు వాడికి కిందికి రావాలని ఎంత ఉన్నా గది ఖాళీ లేదు కాబట్టి రాలేడు.

ఎలక్ట్రాన్లూ అంతే. 1925లో పౌలీ చెప్పిన సూత్రం ప్రకారం ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్ల కంటే ఎక్కువ ఉండవు, ఆ రెండిటి స్పిన్, అంటే గిరగిరా తిరగడం లాంటి ఒక గుణం, ఒకదానికొకటి ఎదురుగానే ఉండాలి. హాస్టల్‌లో అంతస్తు అంటే ఎలక్ట్రాన్‌లో వేగం అనుకోండి. వైట్ డ్వార్ఫ్ లోపల ఎలక్ట్రాన్లు ఎంత కిక్కిరిసి ఉంటాయంటే నెమ్మదిగా తిరిగే స్థితులన్నీ ఎప్పుడో నిండిపోయాయి, మిగతావి విపరీతమైన వేగంతో పరుగెత్తక తప్పదు. వేడి వల్ల కాదు, కింద చోటు లేక. అందుకే నక్షత్రం మంచులా చల్లబడినా ఆ పరుగు ఆగదు, ఆ పరుగు వల్ల పుట్టే తోపుడు కూడా ఆగదు. దీన్ని డీజనరసీ ప్రెజర్ అంటారు. వైట్ డ్వార్ఫ్‌ని మోస్తున్నది ఇదేనని 1926లో కేంబ్రిడ్జ్‌లో రాల్ఫ్ ఫౌలర్ చూపించాడు.

హాస్టల్ పోలిక ఒక్కచోట చాలదు. నిజమైన హాస్టల్ గోడల్ని లోపలికి నెడితే గదులు ఇరుకవుతాయి అంతే. ఇక్కడ మాత్రం నక్షత్రాన్ని నొక్కినకొద్దీ మెట్ల ఎత్తు పెరుగుతుంది. క్వాంటం నియమం అది: ఎలక్ట్రాన్‌ని ఎంత చిన్న చోటులో బంధిస్తే దాని కదలిక అంత పెరుగుతుంది. చోటు సగమైతే దాని మొమెంటం, అంటే తగిలినప్పుడు అది ఇచ్చే దెబ్బ, రెండింతలవుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే మిగతా లెక్క అంతా దీని మీదే నడుస్తుంది.

## బరువు పెరిగితే సైజు తగ్గుతుంది

మామూలుగా మట్టి ముద్దకి ఇంకాస్త మట్టి కలిపితే ముద్ద పెద్దదవుతుంది. వైట్ డ్వార్ఫ్‌కి కలిపితే చిన్నదవుతుంది. బరువు ఎక్కువైతే గురుత్వాకర్షణ ఎక్కువ, దాన్ని ఆపాలంటే ఎలక్ట్రాన్లు ఇంకా వేగంగా పరుగెత్తాలి, అలా పరుగెత్తాలంటే ఇంకా ఇరుకైన చోటు కావాలి, కాబట్టి కుంచించుకుపోతుంది.

ఇది కాగితం మీద మాట కాదు, మూడు నక్షత్రాల్ని పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. 40 ఎరిడాని బి అనేది సూర్యుడి బరువులో 0.57 వంతు, దాని వ్యాసార్ధం సుమారు 9,100 కిలోమీటర్లు. సిరియస్ బి బరువు 1.02, వ్యాసార్ధం 5,850. 2021లో బయటపెట్టిన జెడ్‌టీఎఫ్ జె1901+1458 అనే దాని బరువు 1.35 దగ్గర, వ్యాసార్ధం కేవలం 2,140 కిలోమీటర్లు, అంటే మన చందమామ కంటే కాస్తే పెద్దది! సూర్యుడి కంటే బరువైనది చందమామంత సైజులో.

తగ్గే తీరు కూడా గమనించండి. 0.57 నుంచి 1.02కి వచ్చేసరికి దాదాపు మూడో వంతు తగ్గింది. 1.02 నుంచి 1.35కి, అంటే అంతకంటే తక్కువ బరువు కలిస్తేనే, సగానికి పైగా పడిపోయింది. మెట్లు దిగుతున్నవాడు చివర్లో కాలు జారినట్టు. ఇంకాస్త ముందుకు పోతే సైజు సున్నా వైపు పోతుందని మనసు చెబుతుంది. లెక్క కూడా అదే చెబుతుంది.

## సగానికి నొక్కి చూద్దాం

ఒక వైట్ డ్వార్ఫ్‌ని తీసుకుని బరువు మార్చకుండా వ్యాసార్ధాన్ని సగం చేద్దాం. ముందు గురుత్వాకర్షణ వైపు. దూరం సగమైంది కాబట్టి లాగే బలం 4 రెట్లయింది. ఆ బలాన్ని మోసే వైశాల్యం నాలుగో వంతుకి తగ్గింది. కాబట్టి నిలబడటానికి కావాల్సిన ఒత్తిడి 4 × 4 = 16 రెట్లు.

ఇప్పుడు ఎలక్ట్రాన్ల వైపు. ఒత్తిడి అంటే ఎన్ని ఎలక్ట్రాన్లు, ఎంత దెబ్బతో, ఎంత వేగంగా వచ్చి తగులుతున్నాయన్నదే. ఘనపరిమాణం ఎనిమిదో వంతయింది కాబట్టి ఒక్కో ఘనపు సెంటీమీటరులో ఎలక్ట్రాన్లు 8 రెట్లు. చోటు సగమైంది కాబట్టి దెబ్బ 2 రెట్లు. దెబ్బతో పాటు వేగం కూడా 2 రెట్లు. మొత్తం 8 × 2 × 2 = 32.

కావాల్సింది 16, ఉన్నది 32. ఎలక్ట్రాన్లే గెలిచాయి, నక్షత్రం మళ్లీ వెనక్కి ఉబ్బుతుంది. ఎవరైనా నొక్కితే స్ప్రింగులా తిరిగొస్తుంది. ఫౌలర్ లెక్క ఇక్కడిదాకానే ఉంది. దీని ప్రకారం ఎంత బరువున్నా ఫర్వాలేదు, ఎక్కడో ఒకచోట నక్షత్రం నిలబడుతుంది.

కానీ ఎలక్ట్రాన్ ఇష్టమొచ్చినంత వేగంగా పరుగెత్తలేదు, కాంతి వేగం దాటలేదు. సిరియస్ బి సగటు సాంద్రత దగ్గరే పై అంతస్తు ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో దాదాపు ముప్పావు వంతుతో తిరుగుతున్నాయి. ఇంకా బరువైన వాటిలో కాంతి వేగానికి ఆనుకునే ఉంటాయి. ఆ స్థితిలో మళ్లీ సగానికి నొక్కండి. ఎలక్ట్రాన్లు 8 రెట్లు అవుతాయి, దెబ్బ కూడా 2 రెట్లవుతుంది, ఎందుకంటే మొమెంటం పెరగడానికి అడ్డు లేదు. వేగం మాత్రం ఎక్కడిదక్కడే. 8 × 2 × 1 = 16.

కావాల్సింది 16, ఉన్నదీ 16. నాకైతే ఈ లెక్క చూసిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. రెండువైపులా సరిసమానమైందంటే ఇక సైజుకి విలువ లేదు. కుంచించుకున్నంత మాత్రాన ఎలక్ట్రాన్లకి పైచేయి రాదు. మరి గెలుపోటములు ఎవరు తేల్చాలి? ఒక్క బరువే. అదే సైజులో బరువుని రెండింతలు చేస్తే గురుత్వాకర్షణకి కావాల్సిన ఒత్తిడి 4 రెట్లవుతుంది. ఎలక్ట్రాన్ల వైపు సంఖ్య 2 రెట్లు, దెబ్బ 1.26 రెట్లు, కలిపి రెండున్నరే. బరువు పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్లు వెనకబడుతూనే ఉంటాయి, ఒకానొక బరువు దగ్గర సరిగ్గా సరిపోతాయి, అది దాటితే ఎంత కుంగినా ఎక్కడా నిలబడవు. ఆ ఒకానొక బరువే గీత. అంటే ఇది పదార్థం ఎంత గట్టిదన్న దాన్ని బట్టి వచ్చిన అంకె కాదు, ఎలక్ట్రాన్ల వేగానికి హద్దు ఉండటం వల్ల వచ్చింది.

## 1.44 అనేది ఎవరిది, ఎంత ఖచ్చితం

1930 జులై 31న బొంబాయిలో ఓడెక్కిన 19 ఏళ్ల కుర్రాడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, కేంబ్రిడ్జ్‌లో అదే ఫౌలర్ దగ్గర పరిశోధనకి వెళ్తున్నాడు. ఫౌలర్ లెక్కలో ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగానికి దగ్గరవుతుంది కదా, మరి ఐన్‌స్టీన్ సాపేక్షత కలపలేదేంటి అని ప్రయాణంలోనే అనుమానం వచ్చి లెక్క వేశాడు. 1931లో అచ్చైన ఆయన పేపర్‌లో అంకె 1.44 కాదు, 0.91. లెక్క తప్పు కాదు. ఒక్కో ఎలక్ట్రాన్‌కి ఎన్ని ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయన్న దగ్గర ఆయన 2.5 అని తీసుకున్నాడు. కార్బన్‌లో 6 ఎలక్ట్రాన్లకి 12 కణాలు, ఆక్సిజన్‌లో 8కి 16, అంటే 2. ఆ 2 పెడితే సుమారు 1.44 వస్తుంది.

ఇదొక ముఖ్యమైన మెలిక: గీత అన్ని వైట్ డ్వార్ఫ్‌లకీ ఒకటే కాదు. మోసేది ఎలక్ట్రాన్లు, బరువు కేంద్రకాలది. మోసేవాళ్లు తగ్గితే గీత కిందికి దిగుతుంది. ఇనుములో 26 ఎలక్ట్రాన్లకి 56 కణాలు కాబట్టి దాని గీత 1.26 దగ్గరే ఉంటుంది. దీంతో కాసేపట్లో పనుంది.

న్యాయంగా చెప్పాలంటే ఇలాంటి గీత ఉందని ముందే పసిగట్టినవాళ్లు ఉన్నారు. 1929లో ఎస్టోనియాలో విల్‌హెల్మ్ ఆండర్సన్, ఆ వెంటనే ఇంగ్లండ్ లీడ్స్‌లో ఎడ్మండ్ స్టోనర్. వాళ్లు నక్షత్రమంతా ఒకే సాంద్రతతో ఉందనుకుని లెక్కగట్టారు. మధ్యలో ఎక్కువ, పైన తక్కువ ఉండే నిజమైన నక్షత్ర నమూనా మీద పూర్తి లెక్క నడిపించింది చంద్రశేఖర్. 1935 జనవరి 11న లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో ఆయన ఆ ఫలితం చెప్పి కూర్చున్నాక, ఆ రోజుల్లో ఆ రంగంలో పెద్దదిక్కైన ఎడింగ్టన్ లేచి, నక్షత్రం ఇలా అర్థంపర్థం లేకుండా ప్రవర్తించకుండా ఆపే ప్రకృతి నియమం ఏదో ఉండాలి అన్నాడు. ఎడింగ్టన్‌ని ఇవాళ వెక్కిరించడం తేలిక, కానీ గీత దాటితే నక్షత్రం ఆగకుండా కుంగిపోతుందన్న సంగతి ఆ గదిలో అందరికంటే స్పష్టంగా అర్థమైంది ఆయనకే. నమ్మబుద్ధి కాలేదు, అంతే. చంద్రశేఖర్‌కి నోబెల్ 1983లో వచ్చింది.

## గీత దగ్గరికొస్తే: విజిల్ లేని కుక్కర్

ఒంటరి వైట్ డ్వార్ఫ్ బరువు పెరగదు. పక్కన ఇంకో నక్షత్రం ఉండి, దాని పదార్థం దీని మీదికి వచ్చి పడుతుంటే పెరుగుతుంది. కార్బన్, ఆక్సిజన్ వైట్ డ్వార్ఫ్ అలా పెరుగుతూ 1.38 దగ్గరికొచ్చిందనుకుందాం. మధ్యలో సాంద్రత ఘనపు సెంటీమీటరుకి 2,000 టన్నుల దాకా పోతుంది, పై అంతస్తు ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో 99.5 శాతంతో తిరుగుతుంటాయి. ఆ ఇరుకులో కార్బన్ కేంద్రకాలు ఒకదానికొకటి తగిలి అంటుకుంటాయి. అంటే మోసే శక్తి చేతులెత్తేయక ముందే మంట మొదలైంది. 1.44 చేరనేలేదు.

సూర్యుడిలో మంట ఎక్కువైతే ఏమవుతుంది? వేడి పెరుగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, ఆ భాగం ఉబ్బుతుంది, ఉబ్బితే చల్లబడుతుంది, మంట తగ్గుతుంది. కుక్కర్‌కి విజిల్ ఉన్నట్టు. వైట్ డ్వార్ఫ్‌లో ఒత్తిడి వేడిని బట్టి ఉండదని ముందే చెప్పుకున్నాం. అదే ఇప్పుడు కొంప ముంచుతుంది. కార్బన్ మండితే వేడి పెరుగుతుంది, కానీ నక్షత్రం ఉబ్బదు, కాబట్టి చల్లబడదు, వేడికి కార్బన్ ఇంకా వేగంగా మండుతుంది. విజిల్ ఊడిపోయి మూత బిగుసుకున్న కుక్కర్ కింద మంట పెంచుతూ పోయినట్టు. మొదట్లో కొన్ని వందల ఏళ్లో వెయ్యేళ్లో కుతకుతా ఉడుకుతుంది, చివరికి మంట ముందుకు దూకాక కొన్ని సెకన్లలో మొత్తం అయిపోతుంది.

ఆ కొన్ని సెకన్లలో వచ్చే శక్తి ఎంతంటే, సూర్యుడు తన వెయ్యి కోట్ల ఏళ్ల జీవితంలో ఇచ్చేదంతా కలిపితే దాదాపు అంత. నక్షత్రాన్ని పట్టి ఉంచే గురుత్వాకర్షణ శక్తి కంటే ఇదే ఎక్కువ. అందుకని ఏమీ మిగలదు, మధ్యలో న్యూట్రాన్లతో గట్టిపడిన ముద్ద, అంటే న్యూట్రాన్ నక్షత్రం, కూడా ఉండదు. దీన్నే టైప్ 1ఏ సూపర్‌నోవా అంటారు.

ఇంకో తమాషా ఏంటంటే, మనకి వారాల తరబడి కనిపించే వెలుగు ఆ పేలుడు వేడి కాదు. పేలుడులో సుమారు సూర్యుడి బరువులో సగానికి పైగా నికెల్-56 తయారవుతుంది. అది రేడియోధార్మికం, 6 రోజుల్లో సగం కోబాల్ట్-56గా మారుతుంది, కోబాల్ట్ 77 రోజుల్లో సగం ఇనుముగా మారుతుంది. ఆ మార్పులో వచ్చే గామా కిరణాలే శిథిలాల్ని వేడెక్కించి వెలిగిస్తాయి. 2014లో ఎం82 గెలాక్సీలో పేలినప్పుడు ఇంటెగ్రల్ ఉపగ్రహం సరిగ్గా కోబాల్ట్-56 నుంచి వచ్చే గామా కిరణాల్ని పట్టుకుంది. మన కుక్కర్లో, పెనంలో ఉన్న ఇనుములో మంచి భాగం ఇలా వచ్చిందే.

## నిజంగా గీత దాటితే: లోపలికి

కార్బన్ లేని వైట్ డ్వార్ఫ్‌లు కూడా ఉన్నాయి. సూర్యుడికి ఎనిమిదింతలు, ఆ పైన కాస్త ఉన్న నక్షత్రాలు కార్బన్‌ని కూడా మండించేసి ఆక్సిజన్, నియాన్ ముద్దగా మిగులుతాయి. వాటి బరువు పెరిగినప్పుడు పరిస్థితి వేరు. మధ్యలో ఒత్తిడి ఎంత పెరుగుతుందంటే కేంద్రకాలు ఎలక్ట్రాన్లని మింగడం మొదలుపెడతాయి, ప్రోటాన్ ఎలక్ట్రాన్‌ని మింగి న్యూట్రాన్ అవుతుంది. మోసేవాళ్లే మాయమవుతున్నారు! ఇనుము దగ్గర చూశాం కదా, ఎలక్ట్రాన్లు తగ్గితే గీతే కిందికి దిగుతుంది. నక్షత్రం గీత వైపు నడవక్కర్లేదు, గీతే నక్షత్రం మీదికి వస్తుంది. ఇక్కడ మంటకీ కూలడానికీ మధ్య పోటీ జరుగుతుంది, కూలడం గెలిస్తే ఒక సెకను లోపే వేల కిలోమీటర్ల బంతి పన్నెండు కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న న్యూట్రాన్ నక్షత్రం అవుతుంది. ఇలా ఒక వైట్ డ్వార్ఫ్ కూలుతుండగా మనం ఇంకా నేరుగా, అనుమానం లేకుండా చూడలేదు. సిద్ధాంతం బలంగా ఉంది, కొన్ని న్యూట్రాన్ నక్షత్రాలు ఇలా పుట్టి ఉండొచ్చని అనుమానిస్తారు.

కానీ ఇదే నాటకం ఇంకోచోట కళ్లముందే జరిగింది. పెద్ద నక్షత్రాల మధ్యలో చివరికి ఇనుము పేరుకుంటుంది, ఆ ఇనుప ముద్ద నిజానికి ఒక వైట్ డ్వార్ఫే, నక్షత్రం కడుపులో ఉన్న వైట్ డ్వార్ఫ్. దాన్ని మోసేదీ ఎలక్ట్రాన్లే, దానికీ ఇదే గీత. చుట్టూ మంట ఆరకుండా ఇంకా ఇనుము పడుతూ ఉంటుంది, ఒకరోజు గీత దాటుతుంది. ఇనుము మండి శక్తినివ్వదు కాబట్టి కార్బన్‌లా పేలి తప్పించుకునే దారి లేదు. కుప్పకూలుతుంది. 1987 ఫిబ్రవరి 23న పక్క గెలాక్సీలో అదే జరిగితే, వెలుగు కనబడటానికి కొన్ని గంటల ముందే జపాన్‌లోని కమియోకాండే నీటి తొట్టె న్యూట్రినోలనే అతి చిన్న కణాల్ని 11 పట్టింది, అమెరికాలో ఇంకో తొట్టె 8 పట్టింది. ప్రోటాన్లు ఎలక్ట్రాన్లని మింగినప్పుడూ, ఆ తర్వాత పుట్టిన వేడి ముద్ద చల్లారేటప్పుడూ వెలువడేవి ఆ న్యూట్రినోలే. ఎడింగ్టన్ వద్దన్నది భూమ్మీద తొట్టెల్లో టిక్కుటిక్కుమంది.

అంటే ఒకే గీత, రెండు ముగింపులు. లోపల ఇంకా మండే సరుకు ఉంటే బయటికి, సరుకు అయిపోయి ఉంటే లోపలికి.

## మరి టైప్ 1ఏలన్నీ గీత దగ్గరే పేలతాయా?

ఇక్కడ శాస్త్రవేత్తల మధ్య నిజంగానే వాదన ఉంది. పాత కథ ప్రకారం పక్కనున్న ఎర్రటి పెద్ద నక్షత్రం నుంచి హైడ్రోజన్ కారుతూ వైట్ డ్వార్ఫ్ 1.38కి చేరి పేలుతుంది. దీన్ని పరీక్షించే అవకాశం 2011 ఆగస్టు 24న వచ్చింది. ఎం101 గెలాక్సీలో పేలిన నక్షత్రాన్ని, పేలిన 11 గంటల లోపే పాలమార్ సర్వే పట్టేసింది. మనకి 2 కోట్ల 10 లక్షల కాంతి సంవత్సరాల దూరం, అంటే ఇలాంటి వాటిలో చాలా దగ్గర. పేలుడుకి ముందు హబుల్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన పాత ఫొటోల్లో సరిగ్గా ఆ చోట వెతికితే ఎర్రటి పెద్ద నక్షత్రం కనిపించలేదు. ఉంటే కనిపించి ఉండేది. పేలినది వైట్ డ్వార్ఫంత చిన్నదేనని మాత్రం తొలి గంటల వెలుగు నుంచి తేలింది.

అందుకే రెండో కథకి బలం వచ్చింది: రెండు వైట్ డ్వార్ఫ్‌లు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ దగ్గరై కలిసిపోవడం. దీన్లోనే ఇంకో రకం ఉంది, అది నాకు బాగా నచ్చుతుంది. పక్కదాని నుంచి వచ్చిన హీలియం పొర వైట్ డ్వార్ఫ్ పైన పేలుతుంది, ఆ దెబ్బ తరంగం చుట్టూ తిరిగి లోపలికి వెళ్లి మధ్యలో కార్బన్‌ని పేలుస్తుంది. దీనికి గీతతో పనే లేదు, 1.0 బరువున్నది కూడా పేలిపోతుంది. ఇలా రెండుసార్లు పేలితే శిథిలాల్లో కాల్షియం రెండు పొరలుగా కనిపించాలని నమూనాలు చెప్పాయి. 2025లో, పెద్ద మెజిలానిక్ మేఘంలో ఉన్న 0509-67.5 అనే శిథిలంలో చిలీలోని విఎల్‌టీ టెలిస్కోపుతో చూస్తే సరిగ్గా రెండు కాల్షియం పొరలు కనిపించాయి.

అయితే పాత కథ పూర్తిగా పోయిందా అంటే పోలేదు. గీత దగ్గర ఉండే విపరీతమైన సాంద్రతలో మండితేనే మాంగనీసు, కొన్ని రకాల నికెల్ బాగా తయారవుతాయి, తేలిక వైట్ డ్వార్ఫ్ పేలితే అంతగా రావు. మన గెలాక్సీలోనే 3సి 397 అనే శిథిలంలో అవి ఎక్కువగా కనిపించాయి. సూర్యుడిలో ఉన్న మాంగనీసు లెక్క కుదరాలన్నా కొన్నైనా గీత దగ్గర పేలి ఉండాలి. ప్రస్తుతానికి ఎక్కువమంది మొగ్గు రెండు దారులూ ఉన్నాయనే వైపే, ఏది ఎంత శాతం అన్న దగ్గరే గొడవ.

దీంతో పాటు ఒక పాత మాట కూడా సడలుతుంది. "అన్నీ ఒకే బరువు దగ్గర పేలతాయి కాబట్టి అన్నీ ఒకే వెలుగు, అందుకే వాటితో విశ్వం దూరాలు కొలుస్తారు" అని చాలాచోట్ల రాస్తారు. అన్నీ ఒకే వెలుగు కావు. వెలుగు నెమ్మదిగా తగ్గేవి ఎక్కువ ప్రకాశం, త్వరగా తగ్గేవి తక్కువ ప్రకాశం, ఆ తేడాని సరిచేశాకే దూరాలకి వాడతారు. 2003లో పేలిన ఒకదాని వెలుగు చూస్తే అందులో సూర్యుడికి రెండింతల సరుకు ఉండాలని తేలింది. గీత అబద్ధమా అని కొంతమంది కంగారుపడ్డారు. అక్కర్లేదు. మనం వేసిన 16-16 లెక్క తిరగని నక్షత్రానిది. బాగా వేగంగా గిర్రున తిరుగుతుంటే ఆ తిరుగుడు కూడా కొంత బరువు మోస్తుంది, రెండు కలిసిపోయినప్పుడు మొత్తం గీత కంటే ఎక్కువే ఉండొచ్చు, కాసేపు.

## ఇంతకీ బాబాయ్ ప్రశ్న

టి కరోనా బోరియాలిస్‌లో వైట్ డ్వార్ఫ్ బరువు 1.2 నుంచి 1.37 మధ్య అని రకరకాల అంచనాలున్నాయి. పక్కన ఎర్రటి పెద్ద నక్షత్రం, 228 రోజులకోసారి రెండూ ఒక చుట్టు తిరుగుతాయి. అక్కడి నుంచి హైడ్రోజన్ వచ్చి వైట్ డ్వార్ఫ్ పైన సన్నటి పొరగా పేరుకుంటుంది. 80 ఏళ్లకి ఆ పొర అడుగున వేడి సరిపోయి, పొర మాత్రమే అంటుకుని ఎగిరిపోతుంది. ఇది నోవా, సూపర్‌నోవా కాదు. పాల మీద మీగడ పొంగి పోయినట్టు. గిన్నె అలాగే ఉంటుంది, మళ్లీ పేరుకోవడం మొదలవుతుంది. అందుకే రెండోసారి పేలడానికి సరుకు ఉంటుంది.

ఇది గీతకి చేరుతుందా అన్నది ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది: ప్రతి పొంగుకీ వచ్చిందంతా పోతుందా, ఇంకా ఎక్కువ గీక్కుని పోతుందా, కొంచెం మిగులుతుందా. పాత కథకి ఉన్న పెద్ద ఇబ్బంది కూడా ఇదే, నోవాలు తెచ్చినదానికంటే ఎక్కువ ఊడ్చేస్తుంటే బరువు పెరిగేదెప్పుడు? ఒకవేళ మిగులుతూ ఉన్నా, లోపల ఉన్నది కార్బనా నియానా అన్నదాన్ని బట్టి ముగింపు మారుతుంది. ఈసారి వెలిగినప్పుడు ఎగిరిన సరుకులో నియాన్ ఎంతుందో చూస్తే, పొంగులో అడుగు నుంచి కాస్త గీక్కుని వస్తుంది కాబట్టి, లోపలి సరుకు గురించి ఆచూకీ దొరుకుతుంది. బాబాయ్‌కి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. "అంటే ఈసారి మీగడ రుచి చూస్తే పాలేంటో తెలుస్తాయన్నమాట" అన్నాడు.